ఒకే రిమోట్, రెండు దారులు: ఐఆర్, బ్లూటూత్, వాయిస్ రిమోట్ పెయిరింగ్

టీవీకి ఫైర్ టీవీ స్టిక్ తగిలించుకున్న ఇళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మందపాటి దుప్పటి కింద నుంచి రిమోట్ నొక్కితే తెర మీద మెనూ కదులుతుంది, సినిమా ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. సౌండ్ మాత్రం పెరగదు, తగ్గదు. చేయి బయటికి తీసి రిమోట్‌ను టీవీ వైపు చూపిస్తే అదే వాల్యూమ్ బటన్ వెంటనే పనిచేస్తుంది. బటన్ పాడైందనుకుని కొత్త రిమోట్ కొనేవారూ ఉన్నారు. నిజానికి అందులో పాడైనది ఏదీ లేదు. ఆ ఒక్క రిమోట్ లోపల సంకేతం పంపే ఏర్పాట్లు రెండున్నాయి: మెనూ బటన్లు, మైక్ బటన్ బ్లూటూత్ ద్వారా స్టిక్‌తో మాట్లాడుతుంటే, వాల్యూమ్, పవర్ బటన్లు సాధారణంగా ఐఆర్ ద్వారా, అంటే ఇన్‌ఫ్రారెడ్ ద్వారా, నేరుగా టీవీతో మాట్లాడతాయి. ఏ బటన్ ఏ దారిన వెళుతుందో తెలిస్తే రిమోట్ విషయంలో వచ్చే సందేహాల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఐఆర్ రిమోట్ పంపేది వెలుతురే

ఐఆర్ రిమోట్ ముందు అంచున చిన్న ఎల్ఈడీ ఉంటుంది. అది వెలుగుతుంది కానీ ఆ వెలుతురు మన కంటికి ఆనదు. కంటికి కనిపించే ఎరుపు సుమారు 700 నానోమీటర్ల దగ్గర ముగుస్తుంది. టీవీ రిమోట్లలోని ఎల్ఈడీలు ఎక్కువగా 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి. ఫోన్ కెమెరాకు మాత్రం అది కొంత కనబడుతుంది. కెమెరా తెరిచి, రిమోట్ ముందు అంచును దానికి ఎదురుగా పెట్టి వాల్యూమ్ బటన్ నొక్కితే, ఫోన్ తెర మీద తెల్లగానో లేత ఊదాగానో ఒక చుక్క మిణుకుమంటుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి, అక్కడ కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడాలి. ఈ చిన్న పరీక్షను గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే ఏ బటన్ ఐఆర్, ఏది బ్లూటూత్ అన్నది ఇంట్లోనే తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

ఇన్‌ఫ్రారెడ్ ఎండలోనూ ఉంది, పాతకాలపు ఫిలమెంట్ బల్బులోనూ ఉంది, మన ఒంటి వేడిమిలోనూ ఉంది. మరి టీవీ వాటన్నిటినీ రిమోట్ అనుకోకుండా ఎలా ఉంటుంది? రిమోట్ ఎల్ఈడీ నిలకడగా వెలగదు. అది సెకనుకు సుమారు 38,000 సార్లు ఆరి వెలుగుతుంది, ఆ వేగవంతమైన మిణుకును కూడా పొడుగు పొట్టి విరామాలతో తెంపి పంపుతుంది. టీవీలోని రిసీవర్ 38 కిలోహెర్ట్జ్ దగ్గర మిణుకుమనే వెలుతురును మాత్రమే పట్టించుకుని, మిగతాదాన్ని వడపోస్తుంది. ఎన్ఈసీ అనే ప్రసిద్ధ పద్ధతిలో ప్రతి నొక్కుకూ 32 బిట్లు వెళతాయి: ముందు ఏ పరికరానికి అన్న చిరునామా, తరవాత ఏ బటన్ అన్న ఆదేశం, ఒక్కోదాని వెంట దాన్నే తలకిందులు చేసిన ప్రతి. ఇలా రెండేసిసార్లు పంపడం ఎందుకంటే, అందుకున్న టీవీ సరిచూసుకోవడానికి అదొక్కటే ఆధారం. టీవీ తిరిగి ఏమీ చెప్పలేదు.

ఐఆర్ ఒకవైపు దారి అన్న సంగతి ఏసీ రిమోట్ దగ్గర బాగా బయటపడుతుంది. రిమోట్‌ను గోడ వైపు తిప్పి 26 నుంచి 24కు తగ్గించినా రిమోట్ మీది అంకె 24 అనే చూపిస్తుంది. ఏసీ నుంచి ‘బీప్’ వినిపించకపోతే ఆ సంకేతం చేరలేదన్నమాట. ఆ సంగతి రిమోట్‌కు ఎప్పటికీ తెలియదు.

ఎదురుగా ఉండాలనే నియమం ఎక్కడి నుంచి వచ్చింది

ఐఆర్ వెలుతురే కాబట్టి వెలుతురుకు ఉన్న హద్దులన్నీ దానికీ ఉంటాయి. గోడ దాటదు, చెక్క తలుపు దాటదు, మధ్యలో మనిషి నిలబడితే నీడ పడుతుంది. మామూలు గాజు మాత్రం దాటుతుంది. అందుకే గాజు తలుపుల షోకేసులో పెట్టిన సెట్‌టాప్ బాక్స్ మూసి ఉన్నా రిమోట్ మాట వింటుంది, దాన్నే చెక్క అరలోకి మారిస్తే వినదు. టీవీ కింది అంచున కనిపించే నల్లని చిన్న కిటికీ వెనక రిసీవర్ ఉంటుంది. ఆ నల్లదనం కంటికి కనిపించే కాంతిని ఆపి, ఇన్‌ఫ్రారెడ్‌ను లోపలికి రానిస్తుంది. టీవీ ముందు సౌండ్‌బార్ పెట్టిన తరవాత రిమోట్ మొరాయించడం మొదలైతే, ముందుగా చూడవలసింది ఆ కిటికీ మూసుకుపోయిందా అన్నదే.

అలాగని ఎదురుగా ఉండాలన్న నియమం మరీ కచ్చితమైనదీ కాదు. తెల్లటి గోడలు, సీలింగు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగానే వెనక్కి చిమ్ముతాయి కాబట్టి, మధ్య రకం గదిలో రిమోట్‌ను ఎదురు గోడకో పైకప్పుకో చూపించి నొక్కినా టీవీ వినడం మామూలే. బ్యాటరీ బలం తగ్గుతున్నకొద్దీ ముందుగా పోయేది ఈ సౌకర్యం. ఒకప్పుడు ఎటు తిప్పి నొక్కినా పనిచేసిన రిమోట్ ఇప్పుడు గురిచూసి నొక్కితేనే పనిచేస్తోందంటే, బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే లెక్క.

ఎండ సంగతి వేరు. కిటికీలోంచి వచ్చిన ఎండ నేరుగా రిసీవర్ మీద పడితే, లోపలి సెన్సర్ ఆ ప్రకాశంతో నిండిపోయి మిణుకును గుర్తించలేకపోతుంది; పరదా వేస్తే మళ్లీ దారికొస్తుంది. ఈ తగాదా ఈనాటిది కాదు. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ రూపొందించిన ఫ్లాష్‌మ్యాటిక్ రిమోట్, కంటికి కనబడే టార్చి వెలుగును టీవీ తెర మూలల్లోని నాలుగు సెన్సర్ల మీద పడేలా చేసి పనిచేసేది. ఎండ పడితే ఆ టీవీలు తమంతట తామే చానల్ మార్చేవి. తరవాతి ఏడాదే ఆ సంస్థ వెలుతురును వదిలి, అల్ట్రాసౌండ్‌తో పనిచేసే స్పేస్ కమాండ్‌ను తెచ్చింది.

బ్లూటూత్‌కు గోడ ఎందుకు పెద్ద అడ్డు కాదు

బ్లూటూత్ రిమోట్ పంపేది రేడియో తరంగం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు; ఐఆర్ తరంగం పొడవు మిల్లీమీటర్లో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత పొడుగు తరంగం చిన్న అడ్డంకులను చుట్టివస్తుంది. చెక్కలోంచి, ప్లాస్టిక్‌లోంచి, బట్టలోంచి సులువుగా, ఇటుక గోడలోంచి కొంత బలహీనపడి అయినా సాగిపోతుంది. అందువల్ల రిమోట్‌ను దేని వైపు చూపించాలన్న ప్రశ్నే రాదు. అయితే లోహం దీన్నీ ఆపుతుంది, నీరు పీల్చేసుకుంటుంది. మన ఒళ్లు ఎక్కువభాగం నీరే కాబట్టి మధ్యలో మనుషులు నిలబడితే కొంత బలం తగ్గుతుంది కూడా. స్టిక్ నేరుగా టీవీ వెనక పోర్టులో ఉంటే టీవీ లోపలి లోహపు పలకలు దాన్ని మరుగు చేస్తాయి. చాలా స్టిక్‌లతో పాటు పెట్టెలో ఇచ్చే పొట్టి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌ను చాలామంది పక్కన పడేస్తారు గానీ, స్టిక్‌ను ఆ లోహానికి కొంచెం ఎడంగా జరిపి వైఫై, బ్లూటూత్ రెండింటికీ ఊపిరాడేలా చేయడం దాని పనుల్లో ఒకటి.

ఇదే పౌనఃపున్యం దగ్గర వైఫై రూటరు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉంటాయి. బ్లూటూత్ ఒకే చానల్‌ను పట్టుకుని వేలాడక, తన చానళ్లలో రద్దీ ఉన్నవాటిని తప్పించుకుంటూ గెంతుతుంటుంది కాబట్టి మామూలు ఇంట్లో ఈ రద్దీ పెద్దగా తెలియదు.

తేడా అంతా తరంగంలోనే లేదు. బ్లూటూత్ రెండువైపులా నడిచే దారి. రిమోట్ బటన్ సమాచారం పంపితే, అందినట్టు అవతలి నుంచి జవాబు వస్తుంది. రాకపోతే రిమోట్ మళ్లీ పంపుతుంది. ఈ సంభాషణ జరగాలంటే ఇద్దరూ ఒకరినొకరు ముందే ఎరిగి ఉండాలి. ఐఆర్ రిమోట్‌కు అక్కర్లేని పెయిరింగ్ బ్లూటూత్ రిమోట్‌కు తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

మాట ఐఆర్‌లో ఎందుకు వెళ్లదు

వాయిస్ రిమోట్‌కు బ్లూటూత్ ఎందుకు కావాలో చిన్న లెక్కతో తేలిపోతుంది. పైన చెప్పిన ఎన్ఈసీ పద్ధతిలో 32 బిట్లు పంపడానికి దాదాపు 67.5 మిల్లీసెకన్లు పడుతుంది. విరామం లేకుండా పంపుతూనే ఉన్నా సెకనుకు 500 బిట్లు దాటదు. ఇక మాట సంగతి చూద్దాం. సెకనుకు 16,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు చొప్పున తీసుకుంటే ఒక్క సెకను మాటకు 2,56,000 బిట్లు అవుతాయి. దాన్ని నాలుగో వంతుకు కుదించినా 64,000 బిట్లు మిగులుతాయి. అంటే ఒక్క సెకను పాటు పలికిన మాటను ఐఆర్‌లో పంపడానికి రెండు నిమిషాలకు పైనే పడుతుంది. వాయిస్ రిమోట్లు వాడే తక్కువ విద్యుత్ రకం బ్లూటూత్‌కు రేడియో వేగం సెకనుకు 10 లక్షల బిట్లు. అందులో కొంతభాగమే నిజంగా చేతికొచ్చినా మాటకు సరిపోతుంది.

మైక్ బటన్ నొక్కగానే జరిగేది ఇది: రిమోట్‌లోని మైకు మాటను అందుకుంటుంది, రిమోట్ చిప్ దాన్ని కుదించి బ్లూటూత్ మీద టీవీకో స్టిక్‌కో పంపుతుంది, అది ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు చేరవేస్తుంది, మాట అక్కడ అక్షరాలుగా మారి తిరిగి తెర మీదికి వస్తుంది. తెలుగులో అడిగినా ఇంగ్లీషులో అడిగినా రిమోట్‌కు తేడా లేదు. భాషను అర్థం చేసుకునే పని దానిది కాదు.

రెండు స్టిక్‌లు, తారుమారైన రిమోట్లు: ఒక ఉదాహరణ

హాల్లో ఒక టీవీ, పడకగదిలో ఇంకొకటి, రెండూ ఒకే కంపెనీవి, రెండింటికీ ఒకే రకం స్టిక్ ఉన్నాయనుకుందాం. రిమోట్లు రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఎవరో పడకగది రిమోట్‌ను హాల్లోకి తెచ్చి సోఫా మీద పెట్టారు. దాన్ని తీసుకుని వాల్యూమ్ నొక్కితే హాల్లోని టీవీ సౌండ్ పెరిగింది. కింది బాణం నొక్కితే హాల్లో మెనూ కదల్లేదు; పడకగదిలో చూస్తున్న సినిమా మీద మాత్రం ఏవో మెనూలు ప్రత్యక్షమై, లోపలి నుంచి కేకలు మొదలయ్యాయి.

మంత్రమేమీ లేదు. వాల్యూమ్ ఐఆర్‌లో వెళ్లింది; అది ఏ టీవీ అని చూడదు, ఎదురుగా ఉన్న ఆ కంపెనీ టీవీ ఏదైనా వింటుంది. బాణం బ్లూటూత్‌లో వెళ్లింది; అది ఏ గదిలో ఉన్నామో చూడదు, తనతో జతకట్టిన స్టిక్‌నే వెతుక్కుంటుంది. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే వాల్యూమ్ నొక్కినప్పుడు చుక్క మెరుస్తుంది, బాణం నొక్కినప్పుడు మెరవదు. ఇక్కడ కావలసింది పెయిరింగ్ కాదు, రిమోట్లను ఎవరిది వారికి ఇచ్చేయడం. వెనకవైపు చిన్న స్టిక్కర్ అంటించుకుంటే మళ్లీ ఈ గొడవ రాదు.

ఈ స్టిక్ రిమోట్‌కు మన టీవీ తాలూకు ఐఆర్ సంకేతాలు ఎలా తెలిశాయన్నది కూడా ఆసక్తికరమైన సంగతే. మొదటిసారి అమర్చేటప్పుడు టీవీ కంపెనీ పేరు అడిగి, వాల్యూమ్ పనిచేస్తుందో లేదో చూడమంటుంది కదా. అక్కడ తేలిన సంకేతాల పట్టీ రిమోట్‌లో నిలిచిపోతుంది. టీవీ మార్చిన తరవాత వాల్యూమ్ ఒక్కటే పనిచేయకపోతే పెయిరింగ్ జోలికి పోనక్కర్లేదు. `Settings` లోని `Equipment Control` లోకి వెళ్లి టీవీ పేరు మార్చుకుంటే సరిపోతుంది.

పెయిరింగ్ అంటే ఏం జరుగుతుంది, ఎలా చేస్తారు

పెయిరింగ్ స్థితిలోకి వెళ్లిన రిమోట్ ‘నేనిక్కడున్నాను’ అని మూడు ప్రత్యేక చానళ్ల మీద పదేపదే ప్రకటించుకుంటుంది. వెతుకుతున్న టీవీ లేదా స్టిక్ దాన్ని విని పలకరిస్తుంది. ఇద్దరూ కలిసి ఒక రహస్య తాళంచెవిని ఖరారు చేసుకుని, చెరొక ప్రతినీ దాచుకుంటారు. ఆ తరవాత రిమోట్ నిద్రపోయి లేచినా, బ్యాటరీ మార్చినా, ఆ చెవిని చూపించి మళ్లీ కలుస్తుంది. చాలాసేపు వాడని రిమోట్ మీద మొదటి నొక్కు కాస్త ఆలస్యంగా పలకడానికి కారణం ఇలా నిద్రలేచి కలుసుకోవడమే.

ఫైర్ టీవీ స్టిక్ విషయంలో ముందుగా రిమోట్‌లో కొత్త బ్యాటరీలు వేసి, స్టిక్‌కు కరెంటు ఇచ్చి, హోమ్ తెర వచ్చేదాకా ఆగాలి. ఇంట్లో ఇంకో స్టిక్ ఉంటే, అయోమయం లేకుండా దాని ప్లగ్ తీసి ఉంచడం మేలు. తరవాత రిమోట్ మీది హోమ్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే, లైటు ఉన్న మోడళ్లలో అది గబగబా మిణుకుమంటుంది; రిమోట్ వెతుకులాటలో ఉందని దాని అర్థం. జత కుదిరాక ఆ సంగతి తెర మీద కనబడుతుంది. అదనపు రిమోట్‌ను చేర్చాలంటే పాత రిమోట్‌తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి `Controllers & Bluetooth Devices`, ఆ తరవాత `Amazon Fire TV Remotes`, `Add New Remote` ఎంచుకుని, కొత్తదాని మీద హోమ్ పట్టుకోవాలి. కొన్ని వెర్షన్లలో మొదటి మెనూ పేరు `Remotes & Bluetooth Devices` అని ఉంటుంది.

ఇతర పరికరాల్లో సూత్రం ఇదే, నొక్కే బటన్లు వేరు. గూగుల్ టీవీ ఉన్న క్రోమ్‌కాస్ట్ రిమోట్‌కు బ్యాక్, హోమ్ రెండూ కలిపి, లైటు మిణుకుమనేదాకా పట్టుకోవాలి. శామ్‌సంగ్ స్మార్ట్ రిమోట్‌కు రిటర్న్ బటన్‌నూ ప్లే/పాజ్ బటన్‌నూ కలిపి 3 సెకన్ల పైన నొక్కాలి. ఆండ్రాయిడ్ టీవీల్లో సాధారణంగా సెట్టింగ్స్‌లోని `Remotes & Accessories` నుంచి మొదలుపెట్టి, ఏ బటన్లు పట్టుకోవాలో తెర మీద చెప్పినట్టు చేయాలి.

ఆండ్రాయిడ్ టీవీల్లో ఇంకో వింత ఉంది. వాటి రిమోట్లలో చాలావరకు పెయిరింగ్ లేనప్పుడు బాణాలనూ పవర్‌నూ ఐఆర్‌లో పంపుతాయి, పెయిరింగ్ అయ్యాక బ్లూటూత్‌కు మారతాయి. అందువల్ల పెయిరింగ్ తెగిపోయినా టీవీ పనిచేస్తూనే ఉంటుంది. మైక్ బటన్ ఒక్కటే పలకదు. చూసేవాళ్లు మైకు చెడిపోయిందనుకుంటారు. రిమోట్‌ను ఒక్కసారి గోడ వైపో, వీపు వెనకో పెట్టి బాణం నొక్కి చూస్తే విషయం తెలుస్తుంది: టీవీకి చూపిస్తేనే పనిచేస్తోందంటే జత తెగింది, మైకు బాగానే ఉండవచ్చు.

ఒకరు మరిచిపోయి, ఇంకొకరు మరవనప్పుడు

ఎంత ప్రయత్నించినా పెయిరింగ్ కుదరని సందర్భాల్లో ఎక్కువభాగం ఈ కోవకే చెందుతాయి. స్టిక్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే దాని దగ్గరి తాళంచెవి పోతుంది. రిమోట్ దగ్గరి ప్రతి మాత్రం అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు రిమోట్ పాత పరిచయంతో తలుపు తడుతుంది, స్టిక్ ఎవరు నువ్వంటుంది. వేరే ఇంట్లో వాడిన పాత రిమోట్‌ను తెచ్చుకున్నప్పుడూ ఇంతే. మందు ఒక్కటే: రిమోట్ చేత కూడా మరిపించాలి.

ఫైర్ టీవీ వాయిస్ రిమోట్లలో చాలావాటికి పద్ధతి ఇలా ఉంటుంది. స్టిక్ ప్లగ్ తీసి 60 సెకన్లు ఆగాలి. రిమోట్ మీద ఎడమ బాణం, మెనూ, బ్యాక్ మూడూ ఒకేసారి 12 సెకన్లు నొక్కి పట్టుకుని వదలాలి. 5 సెకన్ల తరవాత బ్యాటరీలు తీయాలి. స్టిక్‌ను మళ్లీ ప్లగ్ చేసి, ఒక నిమిషం ఆగి, బ్యాటరీలు వేసి హోమ్ నొక్కాలి. జత కుదరకపోతే హోమ్‌ను 10 సెకన్లు పట్టుకోవాలి. రీసెట్ చేసేటప్పుడు స్టిక్‌ను ఆపి ఉంచడం వల్ల, మధ్యలో రిమోట్ దానితో మళ్లీ మాట కలిపే అవకాశం ఉండదు.

ఈలోగా మెనూ నడపడానికి రిమోటే లేదు కదా అంటే, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లోని ఫైర్ టీవీ యాప్ రిమోట్‌గా పనిచేస్తుంది. టీవీ రిమోట్ ఆదేశాలను హెచ్‌డీఎంఐ పోర్టు గుండా స్టిక్‌కు అందించే హెచ్‌డీఎంఐ-సీఈసీ సౌకర్యం ఉన్న టీవీ అయితే టీవీ సొంత రిమోట్‌లోని బాణాలు కూడా స్టిక్‌ను కదిలిస్తాయి.

ఏది మేలు అన్న వాదన

ఐఆర్‌ను పాతదని తీసిపారేసేవారి మాటలో కొంతే నిజముంది. ఐఆర్ రిమోట్ పోతే బజారులో కాస్త డబ్బుతో దొరికే యూనివర్సల్ రిమోట్ పనికొస్తుంది. ఐఆర్ ఉన్న ఫోన్ అయితే అదీ అక్కర్లేదు. పెయిరింగ్ బెడద లేదు, ఏళ్ల తరబడి బ్యాటరీ సాగుతుంది. వయసుపైబడినవారు ఒంటరిగా ఉండే ఇంట్లో టీవీకి ఇంతకుమించి కోరదగినది లేదన్న వాదన సబబైనదే. బ్లూటూత్ వైపువారు చెప్పేదీ కాదనలేం: పెట్టెను టీవీ వెనక దాచుకోవచ్చు, పక్కపక్కనే ఉన్న రెండు పెట్టెలు ఒకే రిమోట్‌కు పలికే గందరగోళం ఉండదు, మాటతో వెతకవచ్చు. గుణింతాలు, ఒత్తులు తెర మీది కీబోర్డుతో ఒక్కొక్కటిగా కొట్టిన వారికి ఈ చివరి మాట బరువు తెలుసు. తయారీదారులు రెండింటినీ ఒకే రిమోట్‌లో పెట్టడం ఈ రెండు వాదాలకూ మధ్య రాజీ. మనకు కలిగే అయోమయమూ అక్కడి నుంచే వచ్చింది.

మైక్ బటన్‌తో మన మాటలన్నీ ఎప్పుడూ వింటుంటారేమో అన్న అనుమానం కూడా తరచు వినిపిస్తుంది. నొక్కి పట్టుకుని మాట్లాడే రకం రిమోట్ బటన్ నొక్కినప్పుడే మాటను పంపేలా రూపొందినది. ఎప్పుడూ మైకు తెరిచి ఉంచితే ఆ రెండు చిన్న బ్యాటరీలు నెలల తరబడి నిలవడం కష్టం కూడా. పిలిస్తే పలికే టీవీల్లో మైకు టీవీ చట్రంలోనే ఉంటుంది. దాన్ని ఆపే స్విచ్‌ను టీవీ మీద గానీ సెట్టింగ్స్‌లో గానీ వెతకాలి, రిమోట్ మీద కాదు.

పెయిరింగ్ బాగున్నా మాట వినకపోతే

మైక్ బటన్ నొక్కగానే తెర మీద వింటున్నట్టు గీతో చుక్కలో కనిపిస్తే బ్లూటూత్ తన పని తాను చేసింది. ఆ తరవాత జవాబు రాకపోతే అనుమానించవలసింది ఇంటర్నెట్‌ను; అదే సమయంలో యూట్యూబ్ కూడా తెరుచుకోకపోతే ఇక సందేహం అక్కర్లేదు. గుర్తు కనిపించీ కనిపించగానే మాయమైతే, లేదా మాట సగంలో తెగితే, బ్యాటరీ వైపు చూడాలి: మైకు, రేడియో కలిసి పనిచేసే ఆ కొద్ది సెకన్లలో రిమోట్‌కు బాణం నొక్కినప్పటి కంటే ఎక్కువ కరెంటు కావాలి, నీరసించిన బ్యాటరీ ముందుగా చేతులెత్తేసేది అక్కడే. బటన్ నొక్కినా తెర మీద అసలు ఏ గుర్తూ రాకపోతేనే పెయిరింగ్ మళ్లీ చేయవలసిన అవసరం.